క్యూఆర్ కోడా, పేర్ల కాగితమా? నా ఓటు ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలకి

మా కాలేజీలో ఏటా ఒక కాన్ఫరెన్స్ జరుగుతుంది. నెల ముందు కమిటీ కూర్చుంటుంది. భోజనాల మీద గొడవ రెండో మీటింగ్‌లో వస్తుంది. మొదటి మీటింగ్‌లో వచ్చే గొడవ మాత్రం రిజిస్ట్రేషన్ బల్ల మీదే. ఆ బల్ల మూడేళ్లుగా నా నెత్తిన ఉంది. ఎందుకంటే మొదటి ఏడాది ఎవరూ చెయ్యి ఎత్తకపోతే నేను ఎత్తాను. తిరుపతిలో ఒకసారి ఒక పని మీద పేరు పడితే ఇంక అది మనదే.

కంప్యూటర్ డిపార్ట్‌మెంట్‌లో ఒక కుర్ర లెక్చరర్ ఉన్నాడు. మంచివాడు, పనిమంతుడు. ప్రతిసారీ ఒకే ప్రశ్న వేస్తాడు. "ఏం సార్, ఇంకా పేపర్లేనా? టీ కొట్టులో కూడా క్యూఆర్ పెట్టుండారు." ఎదురుగా కూర్చునే సీనియర్ మేడం ఇంకో మాట అంటారు. "కరెంటు పోతే నీ క్యూఆర్‌ని ఏం చేస్తావు నాయనా?" ఈ ఇద్దరి మధ్య నేను రెండు వైపులా ఊగి, రెండు పద్ధతులూ చేసి, రెండింట్లోనూ పరువు పోగొట్టుకుని, మూడో ఏడాది ఒక దారికి వచ్చాను. ఆ కథే ఇది. ఆరేడు వందల మందిని ఒకే పొద్దున లోపలికి పంపాల్సినవాళ్ల కోసం రాస్తున్నాను. యాభై మందికైతే ఏ పద్ధతైనా నడుస్తుంది.

ముందు అందరూ వదిలేసే లెక్క ఒకటి చెప్పాలి. మాకు 612 మంది పేర్లు నమోదయ్యాయి. ప్రారంభోత్సవం 9:30కి. "ఎనిమిది నుంచే రిజిస్ట్రేషన్ తెరుస్తాం, గంటన్నర టైముంది, నిమిషానికి ఏడుగురే కదా" అని మీటింగ్‌లో ఎవరో అన్నారు, అందరం తలూపాం. మనుషులు అలా సమానంగా రారు. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వచ్చినవాళ్లు పొద్దున్నే దిగుతారు, రూముకి వెళ్లి స్నానం చేస్తారు, ముందు రోజే వచ్చినవాళ్లు కొందరు కొండ దిగి వస్తారు. అందరూ కలిసి తొమ్మిది ప్రాంతంలో గేటు దగ్గర తేలుతారు. 8:50 నుంచి 9:30 దాకా, ఆ నలభై నిమిషాల్లో మాకు సుమారు నాలుగు వందల మంది వచ్చారు. అంటే నిమిషానికి పది మంది. రిజిస్ట్రేషన్ బల్ల గురించి వేసుకోవాల్సిన లెక్క ఈ పది మీదే. తక్కిన రోజంతా వచ్చేవాళ్లని తీరిగ్గా చూసుకోవచ్చు.

మొదటి ఏడాది పేర్ల జాబితా అచ్చు వేశాం. అక్షరక్రమంలో, ఇంగ్లిష్‌లో, ఐదు బల్లలు. ఏ నుంచి ఇ దాకా ఒకటి, అలా. చూడ్డానికి బాగుంది. తొమ్మిదింటికి ఎస్ అక్షరం ఉన్న బల్ల ముందు క్యూ వేపచెట్టు దాటి పార్కింగ్ దాకా పోయింది, పక్క బల్ల దగ్గర పిల్లలు ఖాళీగా కూర్చుని మొహాలు చూసుకుంటున్నారు. తెలుగువాళ్ల పేర్లలో ఎస్ ఎంత పెద్ద అక్షరమో నాకు ఆ రోజు తెలిసింది. శ్రీనివాసులు, సుబ్రహ్మణ్యం, సురేష్, సుజాత, సంధ్య, సాయి పేరుతో మొదలయ్యే పిల్లలందరూ. మా జాబితాలో నాలుగో వంతు అదే అక్షరం. చిత్తూరు జిల్లా వాళ్లు ఎక్కువ కాబట్టి ఎం కూడా బరువే: మునిరత్నం, మునిరాజా, మునికృష్ణ, మునెమ్మ.

క్యూ పొడవు ఒక్కటే అయితే బల్లలు మార్చి సర్దుకోవచ్చు. అసలు కష్టం పేరు దొరకకపోవడం. ఒక పెద్దాయన వచ్చి "శ్రీనివాసులు" అంటారు. వెతుకుతున్న అమ్మాయి ఎస్ పేజీల్లో చూస్తుంది, లేరు. ఇంటిపేరు అడుగుతుంది. ఇంటిపేరు కింద చూస్తుంది, లేరు. చివరికి డి కింద దొరుకుతారు, ఎందుకంటే ఫారంలో ఆయన పేరు ముందు `Dr.` అని కొట్టారు. మా జాబితాలో డాక్టర్లందరూ డి లోనూ ప్రొఫెసర్లందరూ పి లోనూ చేరి కూర్చున్నారు. ఇంకొకరు ఇంటిపేరులో మొదటి అక్షరం ముందు పెట్టారు, ఇంకొకరు చివర పెట్టారు. చెన్నై, వేలూరు వైపు నుంచి వచ్చిన తమిళులకి మామూలుగా ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులో మొదటి అక్షరం ఉంటుంది, అది కూడా ఎటు పెట్టాలో వాళ్ల ఇష్టం. దీనికి తోడు స్పెల్లింగు. `Srinivasulu`, `Sreenivasulu`, `Sreenivasalu`. నోటితో ఒక్కటే పేరు, కాగితం మీద మూడు పేర్లు, మూడు పేజీల్లో.

పేరు దొరికాక సంతకం. సంతకం అయ్యాక ఐడీ కార్డు, అది కూడా అక్షరక్రమంలోనే ఉంది కాబట్టి అదే వెతుకులాట మళ్లీ. ఆ పైన సంచి, పెన్ను, భోజనం కూపను. నేను నిలబడి గడియారం చూశాను, మనిషికి డెబ్బై సెకన్ల దగ్గర పడుతోంది. ఐదు బల్లలు కలిసి నిమిషానికి నలుగురిని పంపుతున్నాయి. వస్తున్నది పది మంది. నలభై నిమిషాలు అయ్యేసరికి లోపల నూట డెబ్బై మంది, బయట రెండు వందల ముప్పై మంది. ముఖ్య అతిథి దీపం వెలిగించారు, సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఫొటోలు మేము ఇప్పటికీ ఎక్కడా పెట్టలేదు.

అందుకని రెండో ఏడాది కుర్రాడి మాట నెగ్గింది. క్యూఆర్. డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ మెయిల్‌లో ఒక కోడ్ వెళ్తుంది, గేటు దగ్గర నాలుగు ఫోన్లతో మన పిల్లలు స్కాన్ చేస్తారు, అంతే. ఇంట్లో పరీక్షించి చూశాం. ఫోను చూపించడం, బీప్ అనడం, పచ్చ టిక్కు రావడం. మనిషికి ఎనిమిది సెకన్లు. నాలుగు ఫోన్లతో నిమిషానికి ముప్పై మంది. నాకూ నమ్మకం వచ్చింది, మేడం మాత్రం ఏమీ అనలేదు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాల్సింది, మేము ఆలోచించలేదు. క్యూఆర్ కోడ్‌ని 1994లో జపాన్‌లో డెన్సో అనే కంపెనీ తయారు చేసింది, కార్ల విడిభాగాలు ఫ్యాక్టరీలో ఎక్కడెక్కడికి పోతున్నాయో గుర్తించడానికి. విడిభాగానికి లేబులు అతికించి ఉంటుంది. లేబుల్‌ని వెతుక్కోవాల్సిన పని దానికి లేదు. మన మనిషికి ఉంది. ఆ ఎనిమిది సెకన్లు కోడ్ తెర మీద సిద్ధంగా ఉన్నవాడికి పట్టే టైము. తిరుపతిలో తొమ్మిదింటికి గేటు దగ్గరికి వచ్చే మనిషి చేతిలో కోడ్ సిద్ధంగా ఉండదు.

ఏం జరిగిందంటే, పది మందిలో ముగ్గురు వరుస ముందుకు వచ్చాకే మెయిల్ తెరవడం మొదలుపెట్టారు. మెయిల్‌లో వెతకాలి, తెరవాలి, బొమ్మ డౌన్‌లోడ్ కావాలి. అందులో కొందరికి కోడ్ తమ మెయిల్‌కి రానే లేదు. ఒకే మనిషి పద్నాలుగు మందికి కలిపి డబ్బు కడితే పద్నాలుగు కోడ్‌లూ ఆయన మెయిల్‌కే పోయాయి. ఆయన ఇంకా బస్సులో ఉన్నారు. ఇంకొకాయన కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పంపించుకున్నారు, చుట్టూ ఉండాల్సిన తెల్ల అంచు కత్తిరించేసి. కోడ్ చుట్టూ నాలుగు చుక్కల వెడల్పు ఖాళీ ఉంటేనే కెమెరాకి అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. ఫోను డార్క్ మోడ్‌లో ఉంటే అంచు నల్లగా కలిసిపోతుంది. ఎండలో తెర వెలుగు చాలదు. ఇవన్నీ విడివిడిగా చిన్నవే, వరసలో వెనక నిలబడ్డవాడికి మాత్రం అన్నీ ఒకటే.

తిరుపతి ప్రత్యేకత ఒకటుంది. పొద్దున్నే దర్శనం చేసుకుని నేరుగా వచ్చేవాళ్లు. గుడిలోకి ఫోను తీసుకుపోనివ్వరు కాబట్టి చాలామంది రూములోనే వదిలేసి కొండెక్కుతారు. చేతిలో లడ్డూ కవరు ఉంటుంది, ఫోను ఉండదు. "ఫోను రూములో ఉండాది సార్, నా పేరు చూడండి" అంటారు. మా దగ్గర పేర్ల జాబితా లేదు కదా, ఆ ఏడాది కాగితం వద్దనుకున్నాం. ఒక పిల్లవాడు లాప్‌టాప్‌లో వెతకడం మొదలుపెట్టాడు, మళ్లీ శ్రీనివాసులు గారు, మళ్లీ `Dr.`. ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. అనుమానం వస్తే పోల్చుకుందామని ఐడీ కార్డు మీద ఫొటో కూడా వేశాం. దర్శనానికి వెళ్లొచ్చినవాళ్లలో ముగ్గురు గుండుతో వచ్చారు. ఫొటోలో నిండు జుట్టు, ఎదురుగా నున్నటి తల, నుదుటన గంధం. కార్డులిచ్చే అమ్మాయి ఫొటో వైపూ మనిషి వైపూ చూసి నా వైపు చూసింది.

మళ్లీ లెక్కకి వస్తాను. పది మందిలో ఏడుగురికి ఎనిమిది సెకన్లు, ముగ్గురికి నిమిషం చొప్పున. పది మందికీ కలిపి 236 సెకన్లు, అంటే మనిషికి దాదాపు 24. నాలుగు ఫోన్లకి నిమిషానికి పది మంది. వచ్చేదీ పదే. కాగితం మీద సరిగ్గా సరిపోయింది, చేతిలో ఇంకేం మిగల్లేదు. అప్పుడు నెట్ మందగించింది. మా యాప్ ప్రతి స్కాన్‌కీ సర్వర్‌ని అడిగి జవాబు తెచ్చుకుంటుంది. నాలుగు వందల ఫోన్లు ఒకే చోట చేరి, అందరూ మెయిల్ తెరుస్తుంటే, అదే నెట్ మీద మన స్కానర్ కూడా నడవాలి. ఎనిమిది సెకన్లు ఇరవై అయ్యాయి. అంటే జనం వచ్చేకొద్దీ బల్ల నెమ్మదించింది. కాగితానికి ఈ జబ్బు లేదు. జనం పెరిగితే కాగితం నెమ్మదించదు, అదే వేగంతో తిట్లు తింటుంది.

స్కాన్ అయినవాళ్లకి కూడా తీరలేదు. ఐడీ కార్డులు పక్క బల్ల మీద, అక్షరక్రమంలో. పచ్చ టిక్కు వచ్చినవాళ్లు అక్కడికి వెళ్లి మళ్లీ పేరు చెప్పాలి. క్యూ మాయం కాలేదు, పది అడుగులు పక్కకి జరిగింది. 9:30కి బయట ఇంకా వంద మంది పైనే ఉన్నారు. మొదటి ఏడాది కంటే నయం, అది ఒప్పుకోవాలి. కుర్రాడి మొహం మాత్రం చూడలేకపోయాను.

ఆ సాయంత్రం అందరూ పోయాక మిగిలిన లడ్డూ తింటూ కూర్చున్నాం. వాడే అన్నాడు. "సార్, మనం పేపరా క్యూఆరా అని కొట్టుకుంటా ఉండాం. రెండింటికీ పేరే కదా సార్ దెబ్బేసింది?" ఈ ఒక్క మాటకి వాడిని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. నిజమే. క్యూఆర్ గొప్పదనం కెమెరాలో లేదు. అది ప్రతి మనిషికీ స్పెల్లింగు మారని ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు ముందు నిలబెడితే జాబితాలో వెతకడం ఉండదు. అయితే ఆ నంబరు మనిషికి గుర్తుండదు, అందుకే ఫోను కావాల్సి వస్తోంది. మరి ఫోను లేకుండా కూడా గుర్తుండే నంబరు ఏది? రూములో ఫోను వదిలేసి గుండుతో వచ్చినవాడు కూడా తడుముకోకుండా చెప్పే నంబరు ఒకటే, అతని ఫోన్ నంబరు.

మూడో ఏడాది జాబితాని ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెల వరసలో అచ్చు వేశాం. షీట్‌లో చేయాల్సింది ఇంతే. నంబరు D నిలువు వరసలో ఉంటే:

```
=RIGHT(TRIM(D2),4)
```

ఇది ఇచ్చే జవాబు అక్షరాల రూపంలో ఉంటుంది కాబట్టి 0047 లాంటివి అలాగే ఉంటాయి. ఎవరో "శుభ్రం చేస్తా సార్" అని దాన్ని అంకెగా మారిస్తే 0047 కాస్తా 47 అయిపోయి, మనిషి చెప్పే నాలుగు అంకెలు కాగితం మీద కనబడవు. మాకు మొదటి ప్రింటు అలాగే పాడైంది. అచ్చుకి పంపే ముందు పైనుంచి పది వరసలు చూడండి, సున్నాతో మొదలయ్యేవి కనబడకపోతే తప్పు జరిగినట్టే. కొందరు ఫారంలో రెండు నంబర్లు గీత పెట్టి రాస్తారు, వాటిని చేత్తో సరిచేయాలి. 612లో మాకు అలాంటివి ఇరవై లోపే.

612 మందికి పదివేల నంబర్లు, అంటే ఇద్దరికి ఒకే నాలుగు అంకెలు రావా అని మేడం అడిగారు. వస్తాయి. లెక్క వేస్తే దాదాపు పందొమ్మిది జతలు వచ్చే అవకాశం ఉంది. వచ్చినా నష్టం లేదు, పక్కపక్క వరసల్లో రెండు పేర్లు ఉంటాయి, మనిషిని పేరు అడిగితే తేలిపోతుంది. రెండు పేర్లలోంచి ఒకటి ఎంచడానికి స్పెల్లింగుతో పనిలేదు. కాగితం మీద పూర్తి ఫోన్ నంబరు మాత్రం వేయకండి. ఆ కాగితాలు రోజంతా బల్ల మీద పడి ఉంటాయి, ఎవరైనా ఫొటో తీసుకుపోతారు. నాలుగు అంకెలు, పేరు, ఊరు చాలు.

దీనివల్ల అనుకోకుండా కలిగిన లాభం ఇంకోటుంది. బల్లలు సమానంగా నిండాయి. 0000 నుంచి 1999 ఒక బల్ల, 2000 నుంచి 3999 రెండోది, అలా ఐదు. ఒక్కో బల్లకి నూట పది నుంచి నూట ముప్పై అయిదు మంది. ఎస్ అక్షరం బాధ లేదు, ముని బాధ లేదు. పేజీకి ఇరవై అయిదు పేర్లు వేశాం. బల్లకి ఐదో ఆరో పేజీలు. ఇరవై అయిదు ఎందుకంటే పదిన్నరకి వంటాయన వచ్చి "ఎంతమందికి పెట్టమంటారు సార్?" అని అడుగుతాడు. ప్రతి పేజీలో టిక్కు లేనివి లెక్కపెట్టి ఇరవై అయిదులోంచి తీసేసి, బల్ల చివరి పేజీ ఒక్కటి విడిగా లెక్కపెడితే చాలు, నాలుగు నిమిషాల్లో అంకె చెప్పగలిగాం. "క్యూఆర్ అయితే తెర మీదే కనబడేది" అని కుర్రాడు గొణిగాడు. అదీ నిజమే. అయినా వంటాయనకి నాలుగు నిమిషాల ఆలస్యం వల్ల సాంబారు చల్లారదు.

ఐడీ కార్డుల్ని కూడా అదే వరసలో పెట్టాం. ఇది మర్చిపోతే చేసిందంతా వృథా. కార్డు మూలన ఆ నాలుగు అంకెలు చిన్నగా అచ్చు వేసి, స్వీటు అట్టపెట్టెల్లో నిలబెట్టి, ప్రతి ఇరవై అయిదు కార్డులకీ ఒక రంగు చీటీ పెట్టాం. బల్లకి ఇద్దరు పిల్లలు. ఒకరు కాగితం మీద టిక్కు పెడుతుంటే, ఇంకొకరు నంబరు వినగానే కార్డు తీస్తారు. సంచులు హాలు తలుపు దగ్గర పెట్టాం, కార్డు మెడలో ఉంటే సంచి ఇచ్చేస్తారు. సంతకం బల్ల దగ్గర తీసేశాం. మా ఆడిట్‌కి సంతకాలు కావాలి, అది తప్పదు. కాకపోతే అది పొద్దున తొమ్మిదింటికే కావాలని ఎవరూ చెప్పలేదు. సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు అదే కాగితం మీద పెట్టించుకున్నాం.

మనిషికి ఇరవై అయిదు సెకన్లు పట్టింది. ఐదు బల్లలకి నిమిషానికి పన్నెండు మంది. వస్తున్న పది కంటే రెండు ఎక్కువ, ఆ రెండే మమ్మల్ని కాపాడాయి. 9:25కి వెళ్లి చూస్తే ఏ వరసలోనూ ఎనిమిది మంది కంటే ఎక్కువ లేరు. మేడం వచ్చి "ఏమైంది, జనం రాలేదా?" అన్నారు. లోపలికి చూడండి అన్నాను.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. పద్నాలుగు మందికి కలిపి డబ్బు కట్టే ఆయన ఈ ఏడాది కూడా ఉన్నారు, పద్నాలుగు వరసల్లోనూ ఆయన నంబరే కొట్టారు. అలాంటి గుంపుల్ని ముందే పట్టుకోవచ్చు. నాలుగు అంకెలు E నిలువు వరసలో ఉంటే `=COUNTIF(E:E,E2)` అని పక్కన పెట్టి, మూడు కంటే ఎక్కువ వచ్చినవి విడిగా తీసి, కార్డులన్నీ ఒక కవరులో పెట్టి కాలేజీ పేరు రాసేస్తే సరి. మేము రెండు గుంపుల్ని పట్టుకున్నాం, ఒకటి తప్పించుకుంది. రెండు సిమ్ములున్నవాళ్లు ఏ నంబరు ఇచ్చారో మర్చిపోతారు, రెండూ అడగాలి. భార్య నంబరు ఇచ్చినవాళ్లు, తమ స్టూడెంట్ నంబరు ఇచ్చిన ప్రొఫెసర్లు కూడా ఉంటారు. వీళ్లందరి కోసం పక్కన ఆరో బల్ల. దాని మీద ఒకే ఒక కాపీ, పేర్ల వరసలో ఉన్న జాబితా, ముందున్న `Dr.`, `Prof.` లాంటివన్నీ తీసేసి. పదిహేను మందిలో ఒకరు అక్కడికి వెళ్లారు. అక్కడ పేరు దొరికితే టిక్కు పెట్టరు, నాలుగు అంకెలు చీటీ మీద రాసిచ్చి అసలు బల్లకి పంపుతారు. ఒక మనిషి పేరు మీద టిక్కు పడే కాగితం ఒక్కటే ఉండాలి. ఎవరైనా తొందరలో జాబితాకి జెరాక్స్ తీయించి రెండు చోట్ల పెడితే ఒకే పేరు మీద ఇద్దరు లోపలికి పోతారు, సాయంత్రం లెక్క తేలదు.

కాగితానికి అసలైన బలహీనత ఇంకోటి. ముందు రోజు సాయంత్రం ఆరింటికి జాబితా ఆపి ప్రింటుకి పంపాం. ఆ రాత్రి ఇంకో పదకొండు మంది డబ్బు కట్టారు. క్యూఆర్ అయితే వాళ్లకి కోడ్ వెళ్లిపోయేది. మేము ఆ పేర్లు పొద్దున ఏడింటికి తెల్లకాగితం మీద చేత్తో రాసి ఆరో బల్లకి ఇచ్చాం, కార్డులు స్కెచ్ పెన్నుతో రాశాం. పదకొండు మందికి పర్వాలేదు. నూట పది మంది ఆఖరి రాత్రి కట్టే అలవాటున్న కాన్ఫరెన్స్ అయితే ఈ పద్ధతి పట్టుకోకండి.

ఇంతా చెప్పి, క్యూఆర్‌ని పూర్తిగా వదిలేశామా అంటే లేదు. దాన్ని గేటు దగ్గర నుంచి తీసి లోపలికి మార్చాం. మా దగ్గర ఆరు సెషన్లు, మూడు హాళ్లు. నాలుగు సెషన్లకైనా వస్తేనే సర్టిఫికెట్. ఒకే మనిషిని రోజులో ఆరుసార్లు గుర్తించాలి. ఇది కాగితంతో చేయడం నరకం, మొదటి ఏడాది చేశాం కాబట్టి చెబుతున్నా. హాల్లో కాగితం వెనక వరస దాకా పోయి తిరిగి రాదు, వచ్చినా లేనివాళ్ల సంతకాలు కూడా ఉంటాయి. ఇక్కడ క్యూఆర్‌కి తిరుగులేదు, ఎందుకంటే ఇప్పుడు కోడ్ మెయిల్‌లో లేదు, మెడలో ఉంది. ఐడీ కార్డు వెనక అచ్చు వేశాం. జపాన్ ఫ్యాక్టరీలో విడిభాగానికి అతికించినట్టే.

అందులో ఏం పెట్టాలన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. రెండో ఏడాది మా కోడ్‌లో పొడవాటి వెబ్ చిరునామా ఉండేది, తొంభై అక్షరాల దాకా. అంత విషయం పట్టాలంటే కోడ్ అడ్డం నిలువు 41 గడుల దాకా కావాలి, చిన్న కార్డు మీద అవి ఆవాల్లా ముద్దయిపోతాయి. ఈసారి `TPT0347` లాంటి ఏడు అక్షరాల రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కటే పెట్టాం. పెద్ద అక్షరాలు, అంకెలు మాత్రమే వాడితే అది అన్నిటికంటే చిన్న సైజు కోడ్‌లో, 21 గడుల్లో, పట్టేస్తుంది. అదీ తప్పుల్ని సరిదిద్దుకునే శక్తి అన్నిటికంటే ఎక్కువగా ఉండే H స్థాయిలో. ఆ స్థాయిలో దాదాపు ముప్పై శాతం దాకా చెడిపోయినా కోడ్ చదవబడుతుంది. చట్నీ మరక పడినా, చెమటకి రంగు కరిగినా పనిచేస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు పెడితే ఒక్కో గడి మిల్లీమీటరు కంటే పెద్దదే ఉంటుంది, ఎంత పాత ఫోనుకైనా అందుతుంది. పేరు, ఫోన్ నంబరు లాంటివేవీ కోడ్‌లో లేవు కాబట్టి దాన్ని ఎవరు ఫొటో తీసుకున్నా వాళ్లకి దొరికేదేమీ లేదు.

స్కాన్ చేసే ఫోన్లు నెట్‌ని అడగవు, ఏ నంబరు ఎప్పుడు పడిందో తమలోనే రాసుకుంటాయి. సాయంత్రం మూడు ఫోన్ల ఫైళ్లూ కలిపి లెక్కపెట్టుకుంటాం. ఇలా చేస్తే ఒక ఫోనుకి ఇంకో ఫోను చూసింది తెలియదు. సెషన్ హాజరుకి దానితో బాధ లేదు, ఒకే సెషన్ టైములో రెండు హాళ్లలో పడితే ఒకటిగా లెక్క వేస్తాం. భోజనానికైతే బాధే, ఒకాయన రెండు కౌంటర్లలోనూ తినేయగలడు. అందుకే భోజనానికి పాత చింపే కూపనే ఉంచాం. రెండుసార్లు తినాలని వచ్చినవాడిని పట్టుకోవడానికి అన్ని ఫోన్లనీ ఒకే నెట్‌కి కట్టడం కంటే, పది ప్లేట్లు ఎక్కువ వండించడం చవక.

కుర్రాడు ఒప్పుకున్నాడా అంటే సగం ఒప్పుకున్నాడు. "వెయ్యి దాటితే క్యూఆరే సార్, మీరేమన్నా" అంటాడు. వెయ్యి దాటితే బల్లలు తొమ్మిదో పదో కావాలి, పిల్లలు ఇరవై మంది కావాలి, అంతమందికి ముందు రోజు పని నేర్పాలి. అప్పుడు వాడి మాట నిజం కావచ్చు, నేను అంత పెద్దది చేయలేదు. వచ్చే నెల చిత్తూరులో మూడు వందల నలభై మందితో ఒకటుంది. హాలు ఒకటే, సెషన్లు రెండే. క్యూఆర్ అసలు పెట్టం అని చెప్పాను. ఫారంలో మాత్రం వాడు ఒక మార్పు చేశాడు. ఫోన్ నంబరు అడిగే గడి కింద ఇంకో వరస చేర్చాడు: "ఇది మీ సొంత నంబరేనా? బల్ల దగ్గర దీని చివరి నాలుగు అంకెలు అడుగుతాం." పద్నాలుగు మందికి కలిపి డబ్బు కట్టే ఆయన నిన్న ఫోన్ చేసి, "ఈ గడిలో అందరిదీ నా నంబరే పెట్టొచ్చా?" అని అడిగారు.